నోట్‌బుక్‌లో ప్లస్ గుర్తులా గీసిన బొమ్మ నుంచి అణువు అసలు షేపు, పోలారిటీ ఎలా కనుక్కోవాలి

నేను శ్రీకాకుళంలో ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తాను. ప్రతి ఏడాదీ ఈ చాప్టర్ దగ్గర ఒకే తప్పు చూస్తన్నాను కాబట్టి దాని మీదే వివరంగా రాస్తన్నాను. మొన్న ఆమదాలవలస నుంచి వచ్చే ఒక పాప నోట్‌బుక్ తెచ్చి చూపించింది, SF4 కి లూయిస్ స్ట్రక్చర్ చాలా చక్కగా గీసింది, మధ్యలో సల్ఫర్, నాలుగు వైపులా నాలుగు ఫ్లోరిన్లు, ప్లస్ గుర్తులాగ, ఒక్కో ఫ్లోరిన్ చుట్టూ మూడేసి జంటల చుక్కలు, సల్ఫర్ పక్కన కూడా రెండు చుక్కలు, ఎక్కడా ఒక్క చుక్క కూడా తప్పు లేదు. కింద మాత్రం "షేపు: సమతల చతురస్రం, నాన్‌పోలార్" అని రాసింది. ఎందుకమ్మా అలగ రాశావు అంటే, "ఏటి మాస్టారూ, నాలుగూ నాలుగు పక్కలకీ ఉన్నాయి కదా, ఎదురెదురువి కొట్టేసుకుంటాయి కదా" అంది.

తను కాగితం మీద ఉన్నదాన్ని చూసి చెప్పింది. కానీ లూయిస్ స్ట్రక్చర్ అనేది బొమ్మ కాదు, లెక్కల పుస్తకం లాంటిది. ఎవరు ఎవరితో బంధం కట్టుకున్నారు, ఎవరి దగ్గర ఎన్ని జంటలు మిగిలాయి, ఇంతే అది చెప్తుంది. మనం ఫ్లోరిన్‌ని పైన గీసినా పక్కన గీసినా దానికి పట్టింపు లేదు. షేపు అనేది ఆ లెక్క నుంచి మనం తీయాలి, ఆ తీసే పద్ధతే ఎలక్ట్రాన్ జంటల వికర్షణ. 1940లో సిడ్జ్‌విక్, పోవెల్ ఈ ఆలోచన మొదలెట్టారు, 1957లో గిలెస్పీ, నైహోమ్ దాన్ని మనం ఇప్పుడు వాడే రూపంలోకి తెచ్చారు.

దీన్ని CF4, SF4, XeF4 అనే మూడు అణువులు పట్టుకుని నేర్చుకుందాం. మూడింట్లోనూ మధ్యలో ఒక ఆటమ్, చుట్టూ నాలుగు ఫ్లోరిన్లు, కాగితం మీద మూడూ ఒకేలాగ ప్లస్ గుర్తులా ఉంటాయి. నిజంలో మూడూ మూడు వేరే షేపులు, వాటిలో ఒక్కటే పోలార్. ఈ మూడూ చెయ్యగలిగితే మిగతావి చాలామటుకు వచ్చేసినట్టే.

ముందు ఎలక్ట్రాన్లు లెక్కపెట్టుకోవాలి, ఇక్కడ తొందరపడొద్దు. వేలెన్స్ ఎలక్ట్రాన్లు మొత్తం కూడండి, SF4 లో సల్ఫర్‌కి 6, ఒక్కో ఫ్లోరిన్‌కి 7 చొప్పున నాలుగిటికి 28, మొత్తం 34. ఇందులో నాలుగు బంధాలకి 8 పోయాయి, మిగిలినవి 26. ఇప్పుడు బయట ఉన్న ఫ్లోరిన్లకి ముందు పంచాలి, ఒక్కోదానికి 6 చొప్పున 24 పోయాయి, ఇంకా 2 మిగిలాయి. ఆ రెండూ ఎక్కడికీ పోవు, మధ్యలో ఉన్న సల్ఫర్ మీదే కూర్చుంటాయి. అదే లోన్ పెయిర్, తెలుగు మీడియం పుస్తకాల్లో ఒంటరి జంట అని ఉంటుంది. ఇదే లెక్క CF4 కి చేస్తే 4, 28 కలిపి 32, అందులో 8, 24 పోతే సున్నా, కార్బన్ మీద ఏమీ మిగల్లేదు. XeF4 కి చేస్తే జినాన్ 8, ఫ్లోరిన్లు 28, మొత్తం 36, పోనిచ్చాక 4 మిగిలాయి అంటే జినాన్ మీద రెండు లోన్ పెయిర్లు.

చూశారా, తేడా అంతా ఈ చివర మిగిలే సంఖ్యలోనే ఉంది, సున్నా, రెండు, నాలుగు. చాలామంది పిల్లలు ఫ్లోరిన్ చుట్టూ చుక్కలు పెట్టేసరికి ఓపిక అయిపోయి మధ్య ఆటమ్ మీద మిగిలినవి పెట్టడం మర్చిపోతారు. అది మర్చిపోతే SF4 కూడా CF4 లాగే కనిపిస్తుంది, ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా చేసినా ఆన్సర్ తప్పే వస్తుంది. అందుకని చుక్కలన్నీ పెట్టాక గీతకి రెండు, చుక్కకి ఒకటి చొప్పున మళ్ళీ మొత్తం కూడి చూడండి, మొదట వచ్చిన 34 మళ్ళీ వస్తే సరే, 32 వస్తే ఎక్కడో జంట పడిపోయినట్టు.

ఇక్కడ ఒక డౌటు వస్తుంది, సల్ఫర్ చుట్టూ పది ఎలక్ట్రాన్లు అయ్యాయి కదా, ఆక్టెట్ దాటిపోయింది కదా అని. మూడో పీరియడ్ నుంచి కింద ఉన్నవాటికి, అంటే సల్ఫర్, ఫాస్ఫరస్, క్లోరిన్, జినాన్ లాంటివాటికి ఇలా ఎనిమిది దాటి రాయొచ్చు. కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్ మధ్యలో ఉంటే మాత్రం ఎనిమిది దాటనివ్వకూడదు, దాటితే మీ లెక్కలోనే తప్పుందని అర్థం.

తర్వాత మధ్య ఆటమ్ చుట్టూ ఎన్ని "గుంపులు" ఉన్నాయో చూడాలి. గుంపు అంటే ఒక వైపుకి పోయే ఎలక్ట్రాన్లన్నీ కలిపి ఒకటి. సింగిల్ బాండ్ ఒక గుంపు, డబుల్ బాండ్ కూడా ఒకే గుంపు, ట్రిపుల్ కూడా ఒకే గుంపు, లోన్ పెయిర్ ఒక గుంపు. డబుల్ బాండ్‌ని రెండుగా లెక్కపెట్టేవాళ్ళు ఉంటారు, అలా చేస్తే CO2 కి నాలుగు గుంపులు వచ్చి చతుర్ముఖీయం అంటారు, కానీ అక్కడ ఉన్నవి రెండు గుంపులే, అందుకే అది తిన్నగా గీతలా ఉంటుంది. SO2 లో కూడా ఆక్సిజన్లు రెండే గానీ సల్ఫర్ మీద లోన్ పెయిర్ ఒకటి ఉంటుంది, కాబట్టి మూడు గుంపులు, అది వంగిపోతుంది. ఇంకో మాట, బయటి ఆటమ్స్ మీద ఉన్న లోన్ పెయిర్లని ఇక్కడ లెక్కలోకి తీసుకోవద్దు. ఫ్లోరిన్ మీద మూడేసి జంటలున్నా అవి షేపుని మార్చవు, మధ్య ఆటమ్ మీద ఉన్నవే మారుస్తాయి.

మన మూడింటికీ వేస్తే CF4 కి నాలుగు గుంపులు, SF4 కి నాలుగు బంధాలు ఒక లోన్ పెయిర్ కలిపి ఐదు, XeF4 కి నాలుగు బంధాలు రెండు లోన్ పెయిర్లు కలిపి ఆరు.

ఇప్పుడు ఈ గుంపులు స్పేస్‌లో ఎలా సర్దుకుంటాయి అన్నది. అన్నీ నెగటివ్ ఛార్జే కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుని వీలైనంత దూరం పోతాయి. ఇది బోర్డు మీద గీసి చెప్తే పిల్లలకి ఎక్కదు, బెలూన్లతో చేస్తే వెంటనే ఎక్కుతుంది. రథసప్తమికి అరసవల్లి గుడి దగ్గర అమ్ముతారు కదా, అలాంటి మామూలు గుండ్రటి బెలూన్లు చాలు. రెండు బెలూన్లు ఒకే సైజులో ఊది మూతుల దగ్గర కలిపి గట్టిగా ముడెయ్యండి, అది ఒక జత, వదిలేస్తే రెండూ ఎదురెదురుగా తిన్నగా నిలబడతాయి. ఇలాంటి జత ఇంకోటి చేసి రెండు జతల్నీ ముడి దగ్గర మెలి పెట్టండి, నాలుగు బెలూన్లు అయ్యాయి. మీరు ఎంత బల్లమీద పెట్టి ప్లస్ గుర్తులా నొక్కినా చెయ్యి తియ్యగానే అవి లేచి చతుర్ముఖీయంలోకి వెళ్ళిపోతాయి, మూడు కాళ్ళ మీద నిలబడి ఒకటి పైకి చూస్తూ ఉంటుంది. ఆ నొక్కి వదలడం పిల్లల చేత చేయించాలి, వాళ్ళ చేతికి తెలియాలి ప్లస్ గుర్తు అనేది నిలబడేది కాదని. ప్లస్ గుర్తులో పక్కపక్క వాటి మధ్య 90 డిగ్రీలే ఉంటుంది, చతుర్ముఖీయంలో 109.5 ఉంటుంది, అందుకని అటు పోతాయి.

మూడో జత కూడా కలిపితే ఆరు, అష్టముఖీయం, ఏ పక్కన చూసినా 90. అందులో ఒకదాన్ని సూదితో గుచ్చి పేల్చండి, మిగతా ఐదూ తమంతట తాము జరిగి సర్దుకుంటాయి, నడుం చుట్టూ మూడు, నెత్తి మీద ఒకటి, అడుగున ఒకటి. దీన్నే త్రికోణ ద్విపిరమిడ్ అంటారు. ఇలాగ గుంపులు రెండైతే గీత, మూడైతే సమతల త్రికోణం, నాలుగైతే చతుర్ముఖీయం, ఐదైతే త్రికోణ ద్విపిరమిడ్, ఆరైతే అష్టముఖీయం.

CF4 పని ఇక్కడితో అయిపోయింది. నాలుగు గుంపులూ బంధాలే, నాలుగు మూలలా నాలుగు ఫ్లోరిన్లు, చతుర్ముఖీయం, కోణం 109.5.

SF4 దగ్గరే అసలు పని ఉంది. ఐదు గుంపులకి ఐదు స్థానాలు వచ్చాయి గానీ ఆ ఐదూ ఒకలాంటివి కావు. నడుం మీద ఉన్న మూడూ ఒకదానికొకటి 120 డిగ్రీల దూరంలో హాయిగా ఉంటాయి, నెత్తి మీదదీ అడుగుదీ మాత్రం నడుం మీద ఉన్న మూడింటికీ 90 డిగ్రీల దగ్గరలో ఇరుక్కుని ఉంటాయి. ఇప్పుడు లోన్ పెయిర్‌ని ఎక్కడ పెట్టాలి? బంధంలో ఉన్న జంటని రెండు న్యూక్లియస్‌లు చెరో పక్క నుంచి లాగి పట్టుకుంటాయి కాబట్టి అది సన్నగా ఉంటుంది, లోన్ పెయిర్‌ని ఒక్క న్యూక్లియసే పట్టుకుంటుంది కాబట్టి అది మధ్య ఆటమ్ దగ్గరే లావుగా పరుచుకుని పక్కవాటిని ఎక్కువ తోస్తుంది. బస్సులో ఇద్దరు కూర్చునే సీట్లో ఒకరు కాళ్ళు బార్లా చాపి కూర్చున్నట్టు.

లోన్ పెయిర్‌ని నెత్తి మీద పెడితే దానికి 90 డిగ్రీల దూరంలో మూడు బంధాలు ఉంటాయి. నడుం మీద పెడితే 90 లో ఉండేవి పైదీ కిందదీ, రెండే, మిగతా రెండూ 120 దూరంలో ఉంటాయి, అంత దూరంలో తోపులాట చాలా తక్కువ. మూడు కన్నా రెండు నయం, అందుకని లోన్ పెయిర్ నడుం మీదకే పోతుంది. ఐదు గుంపులు ఉన్న ఏ అణువుకైనా ఇదే రూలు, ఒక లోన్ పెయిర్ ఉన్నా, రెండున్నా, మూడున్నా అవన్నీ నడుం మీదే సర్దుకుంటాయి.

దీన్ని చేత్తో చేసి చూడాలంటే ఒక చిన్న బంగాళాదుంప, ఐదు చీపురు పుల్లలు చాలు. నడుం చుట్టూ మూడు పుల్లలు గుచ్చండి, పైన ఒకటి కింద ఒకటి. నాలుగు పుల్లల చివర ఉసిరికాయో చిన్న మట్టి ఉండో గుచ్చండి, ఐదోది నడుం మీద ఉన్నదాంట్లో ఒకటి, దానికి ఏమీ గుచ్చకుండా వదిలెయ్యండి, అదే లోన్ పెయిర్. ఇప్పుడు ఆ ఖాళీ పుల్లని పీకేసి, మిగిలినదాన్ని పక్కకి తిప్పి, నడుం మీద ఉన్న రెండు కాయలూ కాళ్ళలాగ కింద ఆనేలా బల్లమీద పెట్టి చూడండి. పైనా కిందా ఉన్న రెండు కాయలూ ఇప్పుడు అటూ ఇటూ చాచిన పలకలాగ, పార్కుల్లో పిల్లలు ఎక్కి ఊగే సీసా బల్లలాగ కనిపిస్తాయి. అందుకే దీన్ని సీసా షేపు అంటారు.

పేరు పెట్టేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోవాలి, పేరు ఆటమ్స్ కనిపించే షేపుకే, లోన్ పెయిర్‌కి పేరులో చోటు లేదు. SF4 లో గుంపుల అమరిక త్రికోణ ద్విపిరమిడ్, అణువు షేపు సీసా. పరీక్షలో ఈ రెండిట్లో ఏది అడిగారో చూసి రాయాలి, అడిగింది ఒకటైతే రాసేది ఇంకోటి అయ్యి మార్కులు పోయిన పేపర్లు నేను చాలా చూశాను. NH3 కి కూడా ఇంతే, గుంపుల అమరిక చతుర్ముఖీయం, షేపు మాత్రం త్రికోణ పిరమిడ్.

లోన్ పెయిర్ తోపు నిజంగా ఉందని ఎలా తెలుస్తుంది అంటే, కొలిచిన కోణాల్లో తెలుస్తుంది. SF4 లో నడుం మీద ఉన్న రెండు ఫ్లోరిన్ల మధ్య 120 ఉండాలి కదా, కొలిస్తే దాదాపు 102 మాత్రమే ఉంది. పైదీ కిందదీ తిన్నగా 180 ఉండాలి, కొలిస్తే 173 దగ్గర ఉంది, రెండూ లోన్ పెయిర్‌కి దూరంగా కొంచెం వంగాయి. బంధాల పొడవు కూడా రెండు రకాలు, నడుం మీదవి 1.55 ఆంగ్‌స్ట్రామ్ దగ్గర, పైనా కిందా ఉన్నవి 1.65 దగ్గర. పైనా కిందా ఉన్నవాటికి 90 డిగ్రీల్లో ముగ్గురు పక్కవాళ్ళు కాబట్టి అవి కొంచెం దూరం జరిగాయి. నాలుగు ఫ్లోరిన్లు, ఒకే సల్ఫర్, అయినా బంధాలు రెండు రకాలు, కాగితం మీద ప్లస్ గుర్తులో ఇది ఎవరికైనా కనిపిస్తుందా చెప్పండి.

XeF4 కి బేగి తేల్చేద్దాం. ఆరు గుంపులు, అష్టముఖీయం, ఇక్కడ ఆరు స్థానాలూ సమానమే కాబట్టి మొదటి లోన్ పెయిర్ ఎక్కడైనా పెట్టొచ్చు. రెండోది మాత్రం మొదటిదానికి సరిగ్గా ఎదురుగా, 180 లో పెట్టాలి, ఎందుకంటే రెండు లావుపాటి జంటలు 90 లో పక్కపక్కన ఉంటే తోపు బాగా ఎక్కువైపోతుంది. అవి పైకీ కిందకీ పోతే నాలుగు ఫ్లోరిన్లూ ఒకే తలంలో మిగులుతాయి, అదే సమతల చతురస్రం. ఆ పాప SF4 కి రాసిన ఆన్సర్ నిజానికి XeF4 ది.

ఇక పోలారిటీ. రెండు ప్రశ్నలు వరసగా అడగాలి. మొదటిది, బంధాలు పోలారేనా? అంటే రెండు ఆటమ్స్ రుణవిద్యుదాత్మకతలో తేడా ఉందా? ఫ్లోరిన్ 4.0, కార్బన్, సల్ఫర్, జినాన్ మూడూ 2.6 దగ్గర, కాబట్టి మన మూడింట్లోనూ ప్రతి బంధమూ గట్టిగా పోలారే, ఎలక్ట్రాన్లు ఫ్లోరిన్ వైపు లాగబడతాయి. మధ్య నుంచి ఒక్కో ఫ్లోరిన్ వైపు ఒక్కో బాణం గీసుకోండి. రెండోది, ఆ బాణాలన్నీ కలిపితే సున్నా అవుతుందా, ఏమైనా మిగులుతుందా? ఇక్కడ బాణాలు గీయాల్సింది లూయిస్ స్ట్రక్చర్ మీద కాదు, ఇప్పుడు మనం కనుక్కున్న షేపు మీద. ఉసిరికాయల మోడల్ చేతిలో ఉంటే ఇంకా మంచిది, ఒక్కో కాయకీ తాడు కట్టి ఒకే బలంతో లాగుతున్నట్టు ఊహించుకోండి, మధ్యలో దుంప కదులుతుందా కదలదా?

CF4 లో నాలుగు తాళ్ళూ చతుర్ముఖీయం మూలలకి లాగుతాయి, పైకి ఒకటి లాగితే కింద మూడూ కలిసి అంతే బలంతో కిందకి లాగుతాయి, దుంప కదలదు, నాన్‌పోలార్. XeF4 లో ఎదురెదురు జతలు రెండూ కొట్టేసుకున్నాయి, లోన్ పెయిర్లు కూడా ఎదురెదురే, నాన్‌పోలార్. SF4 లో పైదీ కిందదీ దాదాపు కొట్టేసుకున్నాయి, నడుం మీద ఉన్న రెండూ మాత్రం ఒకే పక్కకి వాలి లాగుతున్నాయి, వాటికి ఎదురుగా ఫ్లోరిన్ ఏమీ లేదు, ఉన్నది లోన్ పెయిర్. కాబట్టి మిగిలింది, పోలార్. కొలిచిన ద్విధ్రువ భ్రామకం 0.63 డిబై.

ఈ 0.63 చూసి కొంతమంది అడుగుతారు, ఫ్లోరిన్ అంత గట్టిగా లాగుతుంటే ఇంత తక్కువెందుకు అని. చాలా మంచి ప్రశ్న, దీనికి NH3, NF3 పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది. రెండూ త్రికోణ పిరమిడ్‌లే, రెండింటికీ నైట్రోజన్ మీద ఒక లోన్ పెయిర్. NH3 లో నైట్రోజనే హైడ్రోజన్ల దగ్గర నుంచి లాక్కుంటుంది కాబట్టి బంధాల బాణాలు మూడూ నైట్రోజన్ వైపు, అంటే లోన్ పెయిర్ ఉన్న పక్కకే చూస్తాయి, లోన్ పెయిర్ కూడా అదే పక్క నెగటివ్, రెండూ కలిసి 1.47 డిబై. NF3 లో బాణాలు కింద ఫ్లోరిన్ల వైపు, లోన్ పెయిర్ పైకి, ఒకదానికొకటి ఎదురు, అందుకని మిగిలింది 0.23 మాత్రమే. SF4 లోనూ ఇదే కథ, నడుం ఫ్లోరిన్లు ఒక పక్కకి, లోన్ పెయిర్ ఇంకో పక్కకి. కాబట్టి పోలారా కాదా అన్నది షేపు చూసి చెప్పేయొచ్చు, ఎంత పోలార్ అన్నదానికి లోన్ పెయిర్‌ని కూడా బాణంగా తీసుకోవాలి.

కాగితం బొమ్మ మోసం చేసే ఇంకో చోటు చెప్తాను, ఇది SF4 కన్నా ఎక్కువమందిని పడేస్తుంది. CH2Cl2 ని ప్లస్ గుర్తులాగే గీస్తారు, ఒకరు క్లోరిన్లని పక్కపక్కన గీస్తారు, ఇంకొకరు ఎదురెదురుగా గీస్తారు. ఎదురెదురుగా గీసినవాళ్ళు కొట్టేసుకున్నాయి కాబట్టి నాన్‌పోలార్ అంటారు, పక్కపక్కన గీసినవాళ్ళు పోలార్ అంటారు, ఒకే బల్ల మీద కూర్చున్న ఇద్దరు దీని మీద గట్టిగా వాదించుకోవడం నేను విన్నాను. నిజానికి రెండు బొమ్మలూ ఒకే అణువు. నాలుగు గుంపులు, చతుర్ముఖీయం, అందులో ఏ రెండు మూలలు తీసుకున్నా వాటి మధ్య 109 చుట్టుపక్కలే ఉంటుంది, ఎదురెదురు అనే స్థానమే లేదు. రెండు క్లోరిన్లూ కలిసి ఒక పక్కకి లాగుతాయి, 1.6 డిబై, బాగానే పోలార్. నాలుగు పుల్లల దుంప తీసుకుని రెండు ఎర్ర పూసలు ఎక్కడ గుచ్చినా, తిప్పి చూస్తే అదే మోడల్ వస్తుంది, చేసి చూడండి.

పేపర్ మీద గీసేటప్పుడు తలంలో ఉన్న బంధానికి మామూలు గీత, మన వైపుకి వచ్చేదానికి నిండు త్రికోణం లాంటి గీత, వెనక్కి పోయేదానికి చుక్కల గీత వాడండి. SF4 కి పైకీ కిందకీ రెండు మామూలు గీతలు, కుడి పక్కకి ఒక నిండు గీత, ఒక చుక్కల గీత, ఎడమ పక్కన లోన్ పెయిర్. ఇలా గీస్తే బాణాలు ఎటు మిగిలాయో చూడగానే తెలుస్తుంది.

ఈ పద్ధతి ఎంతవరకు నమ్మొచ్చో కూడా తెలియాలి. షేపు బాగా చెప్తుంది, కోణం ఖచ్చితంగా చెప్పదు, "109.5 కన్నా తక్కువ" అని మాత్రమే చెప్పగలదు. నీళ్ళకి 104.5 వస్తుంది, మన మాటకి సరిపోతుంది. H2S కి కూడా అవే నాలుగు గుంపులు, అవే రెండు లోన్ పెయిర్లు, కానీ కొలిస్తే 92 దగ్గర ఉంది, లోన్ పెయిర్ తోపు ఒక్కదానితో ఇంత తగ్గుదల చెప్పలేం. వంగి ఉంటుంది, పోలార్ అన్నంతవరకే అక్కడ నమ్మాలి. రెండోది, ట్రాన్సిషన్ మెటల్ కాంప్లెక్సులకి దీన్ని వాడొద్దు, అక్కడ d ఎలక్ట్రాన్ల లెక్క వేరే. మూడోది, అన్నీ ఒకే ఎలిమెంట్ ఆటమ్స్ అయితే నాన్‌పోలార్ అనే షార్ట్‌కట్ ప్రతిసారీ పనిచెయ్యదు. ఓజోన్ O3 లో మూడూ ఆక్సిజన్లే, అయినా మధ్య ఆక్సిజన్ మీద లోన్ పెయిర్ ఉండి అణువు వంగి ఉంటుంది, మధ్యదానికి కొంచెం పాజిటివ్, చివరివాటికి కొంచెం నెగటివ్ వస్తాయి, 0.53 డిబై ఉంటుంది.

ఆ పాప చేత SF4 మళ్ళీ చేయించాక, ClF3 ఇచ్చాను, ఏమీ చెప్పకుండా. 7, 21 కలిపి 28 అంది, బంధాలకి 6, ఫ్లోరిన్లకి 18, మిగిలింది 4, క్లోరిన్ మీద రెండు జంటలు. మూడు బంధాలు రెండు జంటలు, ఐదు గుంపులు. దుంప తీసుకుని ఐదు పుల్లలు గుచ్చింది, ఖాళీ పుల్లలు రెండూ నడుం మీదే పెట్టింది, ఒక్క క్షణం ఆగి, మిగిలిన మూడు కాయల్నీ చూసి "మాస్టారూ, ఇది ఇంగ్లీషు T అక్షరంలాగ ఉంది" అంది. అవును, T షేపే. పైదీ కిందదీ కొట్టేసుకుంటాయి, నడుం మీద ఉన్నది ఒంటరిగా మిగిలింది, దానికి ఎదురుగా తాడు లాగేవాళ్ళు లేరు, కాబట్టి పోలార్ అని తనే చెప్పింది. "మరి ఆ T లో కోణం 90 ఉంటుందా?" అన్నాను. ఖాళీ పుల్లలు రెండిట్నీ కాసేపు చూసి, "ఇవి రెండూ తోస్తాయి కదండీ, పైదీ కిందదీ ఇటు వంగుతాయి, 90 కన్నా తక్కువే ఉంటాది" అంది. కొలిచిన కోణం 87.5.